చిన్న ఫొటోలోని మొహం బాగుచేసి స్వాప్ చేయడం, పోలిక పోకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, వరంగల్, కాజీపేట స్టూడియోలకు ఏడాది పొడుగునా వచ్చే పని ఒకటుంది. ఇంట్లో పెద్దాయన పోయారు. సంవత్సరీకానికి గోడకు పెట్టుకునేందుకు మంచి ఫొటో కావాలి. ఉన్నదల్లా ఏ గ్రూపు ఫొటోలోనో వెనక వరుసలో నిలబడ్డ చిన్న మొహం. ఒకప్పుడు ఆ మొహాన్ని కత్తిరించి, పెద్దది చేసి, బ్రష్‌తో దిద్ది, కింద కోటో కండువానో అతికించి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు కొడుకునో మనవడినో పంచె, కండువాతో కూర్చోబెట్టి ఫొటో తీసి, దాని మీద పెద్దాయన మొహాన్ని స్వాప్ చేస్తున్నారు. కింది ప్రశ్నలన్నీ ఆ పనికి సంబంధించినవే. పెద్దాయన మొహం ఉన్న పాత ఫొటోను ఇక్కడ సోర్స్ అంటున్నాను. కొత్తగా తీసిన ఫొటో టార్గెట్.

సోర్స్ మసకగా ఉంది. ముందే రీస్టోర్ చేసి, ఎంత స్పష్టంగా వస్తే అంత స్పష్టంగా చేసుకుని స్వాప్ చేస్తే మంచిది కదా?

అందరూ అలాగే అనుకుంటారు. పోలిక పోవడం మొదలయ్యేది కూడా అక్కడే. స్వాప్ చేసే మోడల్ సోర్స్‌ని ఎలా చూస్తుందో తెలిస్తే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

స్టూడియోల్లో, ఇళ్లలో వాడే స్వాప్ సాఫ్ట్‌వేర్లలో చాలావాటి లోపల ఉండేది ఒకటే ఫైలు, inswapper_128.onnx. అది సోర్స్‌లోని చర్మాన్నీ ముడతలనీ తీసి టార్గెట్ మీద అతికించదు. ముందుగా సోర్స్ మొహంలో ఐదు బిందువులు గుర్తిస్తారు: రెండు కళ్లు, ముక్కు కొన, నోటి రెండు మూలలు. వాటి ఆధారంగా మొహాన్ని నిటారుగా తిప్పి, 112 పిక్సెళ్ల వెడల్పు, 112 పిక్సెళ్ల ఎత్తు ఉన్న చిన్న చదరంగా మారుస్తారు. ఆ చదరాన్ని మొహాలు గుర్తుపట్టే ఇంకో మోడల్‌కి ఇస్తే అది 512 అంకెల వరుస ఒకటి ఇస్తుంది. ఈ మనిషిని మిగతావాళ్ల నుంచి వేరు చేసే సారమంతా ఆ అంకెల్లోనే ఉంటుంది. స్వాప్ మోడల్‌కి సోర్స్ నుంచి అందేది ఆ వరుస ఒక్కటే. ఫొటో అందదు.

అంటే మీరు సోర్స్‌ని రెండు వేల పిక్సెళ్లకు పెంచి, రెప్పవెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా చేసినా, అదంతా మళ్లీ 112కి కుదించుకుపోతుంది. రెప్పవెంట్రుకలు పోతాయి. కానీ వాటిని తెచ్చే క్రమంలో కనుబొమ్మ కాస్త పైకి జరిగినా, ముక్కు కాస్త సన్నబడినా, ఆ మార్పు మాత్రం అంకెల్లోకి వెళ్లిపోతుంది. స్పష్టత వల్ల లాభం రాదు, పోలిక పోయిన నష్టం మాత్రం మిగులుతుంది.

అయితే సోర్స్ ఎంత చిన్నదైతే రీస్టోర్ చేయాలి?

మొహం ఎన్ని పిక్సెళ్లని చూడకండి. రెండు కనుపాపల మధ్య దూరం కొలవండి. ఆ 112 చదరంలో, ఎదురుగా చూస్తున్న మొహానికి కళ్ల మధ్య దూరం సుమారు 35 పిక్సెళ్లు వస్తుంది. మీ సోర్స్‌లో అది 35 కంటే బాగా ఎక్కువగా ఉండి, మొహం నిజంగా స్పష్టంగా ఉంటే రీస్టోర్ జోలికి పోనక్కర్లేదు. 20 నుంచి 35 మధ్య అయితే తేలికపాటి పని సరిపోతుంది. 20 కంటే తగ్గితే చాలా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అక్కడినుంచి రీస్టోర్ చేసే సాఫ్ట్‌వేర్ ఉన్నదాన్ని తేటపరచడం మానేసి, లేనిదాన్ని ఊహించడం మొదలుపెడుతుంది.

పిక్సెళ్లు ఉన్నంత మాత్రాన వివరం ఉన్నట్టు కాదు. చిన్న ఫొటోను ఎవరో ముందే పెద్దది చేసి పంపి ఉంటే కళ్ల మధ్య 80 పిక్సెళ్లు కనిపించవచ్చు. అందులో అసలు విషయం 20 పిక్సెళ్లదే అయి ఉంటుంది. ఫొటోను సగానికి తగ్గించి, మళ్లీ పాత సైజుకి పెంచి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఏమీ కనిపించకపోతే ఆ ఫొటో అసలు సైజు సగమే. ఇంకోసారి సగం చేసి మళ్లీ చూడండి. తేడా మొదలైన చోట అసలు సైజు దొరుకుతుంది.

వాట్సాప్‌లో వచ్చిన కాపీ తప్ప వేరే ఏమీ లేదంటున్నారు. ఏం చేయాలి?

ముందు అసలు ప్రింటు ఎక్కడుందో అడగండి. రీస్టోర్ సాఫ్ట్‌వేర్ తెరవడానికి ముందు దీని మీద పెట్టే సమయమే అన్నిటికంటే విలువైనది. ఊళ్లో పెద్దకొడుకు ఇంట్లో అద్దాల ఫ్రేములో ఉందని తెలుస్తుంది. ఫోన్‌తో ఫొటో తీసి పంపించి ఉంటారు, అంతే.

లెక్క చూడండి. వరంగల్‌లో ఆజంజాహి మిల్లు కార్మికుల గ్రూపు ఫొటో అనుకుందాం. ఇక్కడ చాలా ఇళ్లలో అలాంటివి ఉన్నాయి. పది అంగుళాల వెడల్పు ప్రింటు, వరుసకు పన్నెండు మంది. అందులో ఒక మనిషి కళ్ల మధ్య దూరం సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు తగ్గుతుంది. అంటే అంగుళానికి 160. ఆ 3 మిల్లీమీటర్లలోకి వచ్చేవి 19 పిక్సెళ్లు. అదే ప్రింటును ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 600 డీపీఐలో స్కాన్ చేస్తే అవే కళ్ల మధ్య 71 పిక్సెళ్లు వస్తాయి. మనకు కావలసినదానికి అది రెట్టింపు. ఏ సాఫ్ట్‌వేరూ ఊహించనవసరం లేని, ఆ మనిషివే అయిన 71 పిక్సెళ్లు.

ప్రింటు అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకొద్దు, పైపొర ఊడివస్తుంది. అద్దంతో పాటే స్కాన్ చేయండి. లేదా కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, లైటు రెండు పక్కల నుంచి పడేలా చూసి తీయండి. ఊరి నుంచి ప్రింటు రావడం కుదరకపోతే ఫోన్‌తో మొత్తం ఫ్రేము కాకుండా ఆ ఒక్క మొహాన్నే దగ్గరగా తీయమనండి. పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. అలా పంపితే సైజు తగ్గదు.

రీస్టోర్ చేస్తే పోలిక ఎందుకు పోతుంది? ఉన్న మొహాన్నే కదా స్పష్టం చేసేది?

చిన్న ఫొటోలో ఒక పిక్సెల్ అంటే అసలు మొహంలో చాలా చుక్కల సగటు. ఒకే సగటు ఇచ్చే మొహాలు లెక్కలేనన్ని ఉంటాయి. వాటిలో ఏది మీ పెద్దాయనదో ఆ పిక్సెల్‌కి తెలియదు. సాఫ్ట్‌వేర్ తాను నేర్చుకున్న మొహాల్లో ఎక్కువగా కనిపించినదాన్ని ఎంచుకుంటుంది.

2020లో పల్స్ అనే పరిశోధన బయటికొచ్చినప్పుడు ఇది అందరి కళ్లముందే జరిగింది. మసకగా ఉన్న బరాక్ ఒబామా ఫొటోను దానికిస్తే తెల్లజాతి మనిషి మొహం తిరిగొచ్చింది. ఆ కొత్త మొహాన్ని మళ్లీ చిన్నది చేస్తే ఇచ్చిన మసక ఫొటోకి దగ్గరగానే సరిపోతుంది. లెక్క ప్రకారం తప్పు లేదు, మనిషే వేరు. కాబట్టి "చిన్నది చేసి చూస్తే అసలు ఫొటోతో కలుస్తోంది" అన్న పరీక్షలో నెగ్గినంత మాత్రాన పోలిక ఉన్నట్టు కాదు. ఆ పరీక్షలో ఓడితే మాత్రం ఆ ఫొటోను వెంటనే పక్కన పెట్టేయొచ్చు.

మొహాలు రీస్టోర్ చేయడానికి ఇప్పుడు ఎక్కువగా వాడే జీఎఫ్‌పీగ్యాన్, కోడ్‌ఫార్మర్ రెండూ ఎఫ్‌ఎఫ్‌హెచ్‌క్యూ అనే 70,000 ఫొటోల గుట్ట మీద నేర్చుకున్నవి. ఆ ఫొటోలు ఫ్లికర్ అనే వెబ్‌సైటు నుంచి సేకరించినవి. ఎండలో పొలం పని చేసి చర్మం గరుకెక్కిన డెబ్భై ఏళ్ల పరకాల రైతు మొహం అలాంటిచోట ఎంత అరుదో ఊహించుకోవచ్చు. అందుకే ఆయన మొహం దొరకనప్పుడు అవి తమకు బాగా తెలిసిన మొహం వైపు లాగుతాయి.

ఆ లాగుడు ఎక్కడ కనిపిస్తుందో తెలిస్తే పట్టుకోవడం సులువు. ముందు పైరెప్ప చూడండి. వయసు మీదపడ్డవాళ్లకు రెప్ప వాలి కంటి బయటి మూలను కాస్త కప్పేస్తుంది. రీస్టోర్ అయ్యాక ఆ రెప్ప పైకి లేచి, దాని మీద కొత్తగా ఒక మడత గీత వస్తుంది. ఆ ఒక్క గీతతో మనిషికి పదేళ్లు తగ్గుతాయి. తర్వాత రెండు కళ్ల తేడా. దాదాపు ప్రతి మనిషికీ ఒక కన్ను రెండోదానికంటే కొంచెం చిన్నది. సాఫ్ట్‌వేర్ రెండిటినీ సమం చేస్తుంది. ఆ తర్వాత ముక్కుపుటాల వెడల్పు, కింది పెదవి మందం, మీసం చివర్లు. బుగ్గ పీక్కుపోయి ఉన్నచోట నీడను మరకనుకుని తుడిచేస్తుంది, మొహం నిండుగా అవుతుంది. చూసేవాళ్లు "అందంగానే ఉన్నడు గని మా బాపు లెక్క లేడు" అనేది ఇవన్నీ కలిసినప్పుడే.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? సెట్టింగ్ ఎంత పెట్టాలి?

సోర్స్ కోసమైతే నా ఓటు కోడ్‌ఫార్మర్‌కి. ఎంత ఊహించాలో చెప్పే పిడి దాంట్లో మన చేతికి ఉంటుంది. `w` అనే విలువ 0 నుంచి 1 వరకు మారుతుంది. సున్నా వైపు వెళ్లేకొద్దీ ఫొటో అందంగా, మనిషి వేరుగా అవుతారు. ఒకటి వైపు వెళ్లేకొద్దీ ఇచ్చిన ఫొటోకి కట్టుబడి ఉంటుంది, కొంత మసక మిగులుతుంది. మామూలుగా వచ్చే 0.5 ఈ పనికి చాలా తక్కువ. 0.8 కంటే కిందికి దిగకండి.

```
python inference_codeformer.py -w 0.9 --input_path in
```

దీనికిచ్చే ముందు చేయాల్సింది ఒకటుంది. వాట్సాప్ ఫొటోల్లో 8 పిక్సెళ్ల గళ్లు పడి ఉంటాయి, జేపెగ్ కుదింపు వల్ల. చెంప మీద ఆ గడి అంచు పడితే సాఫ్ట్‌వేర్ దాన్ని ముడతనో మచ్చనో అనుకుని చెక్కుతుంది. అందుకని ముందు ఆ గళ్లను తేలికగా చెరిపి, తర్వాతే పెంచండి. షార్పెన్ మాత్రం ముందు చేయకండి. గళ్లే ఇంకా పదునెక్కుతాయి.

ఒక ఫొటోను మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో చెప్పండి.

పైన చెప్పిన మిల్లు ఫొటోనే తీసుకుందాం, కానీ కష్టమైన పరిస్థితిలో. ప్రింటు వానకు తడిసి పోయింది. కళ్ల మధ్య 19 పిక్సెళ్లున్న వాట్సాప్ కాపీ మాత్రమే మిగిలింది. దానితో పాటు బ్యాంకు పాసుబుక్కు మీద అతికించిన ఫొటో ఒకటి ఉంది, పదేళ్ల తర్వాత తీసింది, సగం మొహం మీద స్టాంపు పడింది. స్టాంపు వల్ల దాన్ని సోర్స్‌గా వాడలేం. కానీ అది ఆయనదే కాబట్టి సాక్షిగా పనికొస్తుంది.

మొహాన్ని చుట్టూ ధారాళంగా ఖాళీ వదిలి కత్తిరించండి. మరీ బిగుతుగా కత్తిరిస్తే మొహాన్ని గుర్తించే మోడల్‌కి దొరకదు. గళ్లు చెరిపి, లాంక్జోస్ పద్ధతిలో రెట్టింపు చేయండి. కళ్ల మధ్య 38 వచ్చింది. కొత్త వివరమేమీ రాలేదు, కానీ కావలసిన సైజు వచ్చింది. దీన్ని "సాదా" అందాం. దీన్నే కోడ్‌ఫార్మర్‌కి 0.9తో ఒకసారి, పోల్చి చూడటానికి మాత్రమే 0.5తో ఒకసారి ఇచ్చి రెండు ఫలితాలు దాచుకోండి.

తర్వాత 0.9 ఫలితాన్నీ సాదానీ కలపాలి. రెండూ ఒకే సైజుకి తెచ్చి, ఒకదాని మీద ఒకటి పెట్టి, పైనున్న రీస్టోర్ లేయర్ ఒపాసిటీని యాభై నుంచి అరవై శాతానికి దించండి. రెప్ప అంచు, పెదవి గీత తేటగా కనిపిస్తాయి. ఆకారం మాత్రం అసలు ఫొటోదే నిలుస్తుంది. కలిపినప్పుడు ఎక్కడైనా రెండు గీతలు కనిపిస్తే, ఉదాహరణకు కనుబొమ్మ రెండు పొరలుగా ఉంటే, అక్కడ సాఫ్ట్‌వేర్ దాన్ని కదిపిందని అర్థం. ఆ చోట మాస్కు వేసి రీస్టోర్ లేయర్‌ని పూర్తిగా తీసేయండి.

ఇప్పుడు కొలత. ఒక్కో ఫొటోకూ 512 అంకెల వరుస తీసి, పాసుబుక్కు వరుసతో ఎంత దగ్గరగా ఉందో చూడాలి:

```python
import cv2, numpy as np
from insightface.app import FaceAnalysis

app = FaceAnalysis(name="buffalo_l")
app.prepare(ctx_id=-1, det_size=(640, 640))

def face(p):
    fs = app.get(cv2.imread(p))
    return max(fs, key=lambda f: f.bbox[2] - f.bbox[0])

ref = face("passbook.png").normed_embedding
for p in ["plain.png", "cf09.png", "cf05.png", "blend.png", "son.png"]:
    f = face(p)
    eyes = np.linalg.norm(f.kps[0] - f.kps[1])
    print(p, round(float(eyes)), round(float(ref @ f.normed_embedding), 2))
```

ఒకటికి దగ్గరయ్యేకొద్దీ పోలిక ఎక్కువ. ఫలితాలు ఇలా వచ్చాయనుకుందాం, అంకెలు నమూనాకి మాత్రమే: సాదా 0.41, 0.9తో చేసింది 0.43, 0.5తో చేసింది 0.34, కలిపింది 0.45, కొడుకు ఫొటో 0.30. ఇక్కడ కొడుకు ఫొటో ఎందుకు పెట్టామంటే, అది గీటురాయి. ఒకే రక్తం, వేరే మనిషి, 0.30. అంటే 0.5తో చేసిన ఫొటో ఆయనకంటే ఆయన కొడుకు స్థాయికి దగ్గరగా జారిపోయింది. తెర మీద అన్నిటికంటే మెరిసిపోయేది అదే, పనికిరానిదీ అదే. కలిపిన ఫొటోను తీసుకుంటాం.

సాదా ఫొటోతోనే పోల్చి చూసుకోవడం చాలామంది చేస్తారు. అది సరిపోదు. సాదా అంకెలే మసకలో కొంత దెబ్బతిని ఉంటాయి, వాటికి దగ్గరగా ఉండటం పెద్ద గొప్ప కాదు. అదే మనిషి వేరే ఫొటో ఏదైనా సాక్షిగా ఉండాలి, ఎంత పాతదైనా, ఎంత చెడిపోయినదైనా. పాసుబుక్కు మీద స్టాంపు ఉన్నందువల్ల అన్ని విలువలూ తగ్గుతాయి. ఫరవాలేదు, మనకు కావలసింది వాటి వరుస క్రమం. రెండు ఫలితాల మధ్య తేడా 0.02 అంత చిన్నదైతే దాన్ని తేడాగా లెక్కపెట్టకండి. అప్పుడు తక్కువ మార్చిన ఫొటోనే ఎంచుకోండి.

అంకె బాగుంది, కానీ ఇంట్లోవాళ్లు "మా బాపు కాడు" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఇంట్లోవాళ్లదే. రీస్టోర్ మోడళ్లలో కొన్నిటికి నేర్పేటప్పుడే, మొహం గుర్తుపట్టే మోడల్ దగ్గర మంచి మార్కులు తెచ్చుకోవాలని నేర్పుతారు. జీఎఫ్‌పీగ్యాన్ అలాంటిదే. పరీక్ష పెట్టేది అలాంటి మోడలే అయినప్పుడు ఆ మార్కులు కాస్త ఎక్కువగానే వస్తాయి. పైగా మనుషులు పోలిక పట్టేది నవ్వినప్పుడు పడే గీతలో, చూపులో, తల పట్టుకునే తీరులో. అవేవీ ఆ 512 అంకెల్లో సరిగా ఉండవు.

కానీ అడిగే పద్ధతిలో జాగ్రత్త కావాలి. "బాగుందా అవ్వా?" అంటే బాగుందనే అంటారు, మీరు కష్టపడ్డారని. రెండు మూడు ఫలితాలు ఒకే సైజులో పక్కపక్కన పెట్టి, ఏది ఎలా చేశారో చెప్పకుండా "ఇందులో తాత ఎవరు?" అని అడగండి. ఆయన భార్యనో చెల్లెలినో ముందు అడగాలి. వాళ్లు ఆయన్ని ఆ వయసులో చూసినవాళ్లు. మనవళ్లు చూసింది ముసలితనాన్నే. ఫోన్ తెర మీద కాకుండా చిన్న ప్రింటు తీసి చూపించండి. ఫోన్ తెర మీద అన్నీ బాగానే ఉంటాయి.

వాళ్లు చెప్పేది ఒక్కోసారి ఒక్క ముక్కే ఉంటుంది. "ముక్కు గింత సన్నగ ఉండకపోయేది" అన్నారంటే అంతకంటే మంచి సమాచారం ఉండదు. వెనక్కి వెళ్లి ముక్కు దగ్గర రీస్టోర్ లేయర్ తీసేసి మళ్లీ చూపించండి.

పుట్టుమచ్చ, ముక్కుపుడక, మశూచి మచ్చలు పోతున్నాయి. సోర్స్‌లోనే స్పష్టంగా దిద్దితే వస్తాయా?

రావు. సోర్స్‌లో ఎంత దిద్దినా ఆ అంకెల్లో వాటికి చోటు లేదు. పైగా నల్లగా పెద్దగా దిద్దిన పుట్టుమచ్చ మిగతా అంకెల్ని కలవరపెట్టవచ్చు. సోర్స్‌లో వాటిని ఉన్నవి ఉన్నట్టే వదిలేయండి. స్వాప్ అంతా అయ్యాక, ఆఖరున వేరే లేయర్ మీద చేత్తో పెట్టండి. ఎక్కడ పెట్టాలో కొలిచి పెట్టాలి: కంటి మూల నుంచి నోటి మూలకి గీత గీసి, దానిలో ఎంత దూరంలో, ఎంత పక్కకి ఉందో పాత ఫొటోలో చూసుకుని అదే నిష్పత్తిలో. పాత ఫొటో అద్దంలో బొమ్మలా తిరగబడి ఉందేమో కూడా చూడండి. చొక్కా గుండీల పట్టీ, జేబు ఏ వైపున్నాయో చూస్తే తెలుస్తుంది. కుడిచెంప మచ్చ ఎడమకి వెళ్తే ఇంట్లోవాళ్లు మొదటి చూపులోనే కనిపెడతారు.

అవ్వల ఫొటోల్లో నుదుటి పచ్చబొట్టు, ముక్కుకు రెండు వైపులా పుడకలు ఉంటాయి. రీస్టోర్ చేసేటప్పుడు పుడకను మెరుపనుకుని చెరిపేయడమో, ముక్కుపుటాన్ని వంకర చేయడమో జరుగుతుంది. ముక్కు చివర మాస్కు వేసుకుని పని చేయడం ఉత్తమం.

నలుపు తెలుపు ఫొటోకి ముందు రంగు వేయాలా?

అక్కర్లేదు. ఒంటి రంగు చాలావరకు టార్గెట్ ఫొటో నుంచే వస్తుంది. ఆ డబ్బూ సమయమూ సరైన మనిషిని కూర్చోబెట్టడం మీద పెట్టండి. తల ఆకారం, నుదురు, చెవులు, జుట్టు, దవడ అంచు అన్నీ కూర్చున్నవాళ్లవే మిగులుతాయి. ఛాయ కలవాలి, మొహం కోలగా ఉందా గుండ్రంగా ఉందా అన్నది కలవాలి. పెద్దకొడుకే కూర్చోవాలని ఇంట్లో పట్టుబట్టినా, తాత దవడ వచ్చింది చిన్నకొడుక్కయితే ఆయన్నే కూర్చోబెట్టమని చెప్పండి.

ఆయనవే చిన్న ఫొటోలు రెండు మూడు ఉన్నాయి. అన్నీ వాడొచ్చా?

తప్పకుండా. ఒక చెడ్డ ఫొటోను గట్టిగా రీస్టోర్ చేయడం కంటే, మూడు చెడ్డ ఫొటోల్ని రీస్టోర్ చేయకుండా వాడుకోవడం మేలు. ఒక్కో ఫొటోలో మసక ఒక్కో రకంగా అబద్ధం చెబుతుంది, మనిషి మాత్రం అన్నిట్లో ఒకడే. మూడింటి 512 అంకెల వరుసలూ తీసి సగటు చేస్తే అబద్ధాలు కొంత కొట్టుకుపోతాయి. ఒకటికంటే ఎక్కువ సోర్స్ ఫొటోలు తీసుకునే స్వాప్ సాఫ్ట్‌వేర్లు కొన్ని లోపల చేసేది ఇదే. ఒకే వయసువి కలపండి. ముప్పై ఏళ్లప్పటిదీ డెబ్భై ఏళ్లప్పటిదీ కలిపితే ఎవరికీ తెలియని యాభై ఏళ్ల మనిషి వస్తాడు.

పెళ్లి వీడియో క్యాసెట్ ఉంటే ఇంకా మంచిది. ఆయన కెమెరా వైపు చూసిన ఫ్రేములు ఏరి, వాటన్నిటి అంకెల వరుసల సగటు తీయండి.

స్వాప్ బాగానే వచ్చింది, కానీ పెద్ద ప్రింటులో మొహం ఒక్కటే మెత్తగా ఉంది.

స్వాప్ మోడల్ తయారుచేసే మొహం 128 పిక్సెళ్లే. గోడకు పెట్టే 12 బై 18 ప్రింటులో మొహం దానికి ఎన్నో రెట్లు ఉంటుంది, కాబట్టి ఈ చివర కొంత రీస్టోర్ తప్పదు. పోలిక రెండోసారి జారిపోయేది ఇక్కడే, సోర్స్ దగ్గర ఎంత జాగ్రత్తపడినా సరే. అవే కట్టుబాట్లు పాటించండి: `w` ఎక్కువ, ఒపాసిటీ తక్కువ, మళ్లీ పాసుబుక్కుతో కొలత. మెడ, చేతుల మీదున్నంత గరుకు మొహం మీద లేకపోతే కన్ను అక్కడే ఆగుతుంది. మొత్తం ఫొటో మీద సమానంగా సన్నటి గ్రెయిన్ వేస్తే, రీస్టోర్‌ని ఇంకా పెంచాల్సిన అవసరం చాలావరకు తగ్గిపోతుంది.

ఎలాంటి పని ఒప్పుకోకూడదు?

కళ్ల మధ్య పది పిక్సెళ్లకు తక్కువ ఉండి, సాక్షిగా పెట్టుకోవడానికి వేరే ఫొటో ఏదీ లేకపోతే ఒప్పుకోకండి. వచ్చే మొహం ఆయనది కాదు. నెలలు గడిచాక పిల్లలు ఆ ఫొటోనే తాతగా గుర్తుపెట్టుకుంటారు. అలాంటప్పుడు ఉన్న ఫొటోనే శుభ్రం చేసి, చిన్న సైజులోనే మంచి మౌంటు వేసి ఇవ్వడం న్యాయం. చుట్టూ వెడల్పాటి తెల్ల అంచు ఉంటే చిన్న ఫొటో గోడ మీద బాగానే నిలుస్తుంది.

బతికున్నవాళ్ల మొహమైతే వాళ్లే వచ్చి చెప్పాలి. పోయినవాళ్లదైతే దగ్గరి కుటుంబం ఒప్పుకోవాలి. గుర్తింపు కార్డుల కోసం, భూమి కాగితాల కోసం, పింఛను కోసం అయితే ఎవరు అడిగినా చేయకూడదు. కంప్యూటర్ సాయంతో వేరొకరిలా నటించి మోసం చేయడం ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడే నేరం.

లైసెన్సు సంగతి కూడా చూసుకోండి. ఇన్‌స్వాపర్ మోడల్, దాంతో వచ్చే మొహం గుర్తించే మోడళ్లు, కోడ్‌ఫార్మర్ ఇవన్నీ వ్యాపారానికి కాకుండా వాడుకోవడానికి ఇచ్చినవి. ఇంట్లో మన తాత ఫొటో చేసుకోవడం వేరు, డబ్బు తీసుకుని చేయడం వేరు. డబ్బు తీసుకుని చేసే స్టూడియో అయితే వాటి యజమానుల అనుమతి తీసుకోవాలి, లేదా వ్యాపార లైసెన్సు ఉన్న వేరే సాఫ్ట్‌వేర్ కొనుక్కోవాలి. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా, ఇచ్చే కవరులో స్వాప్ చేసిన ప్రింటుతో పాటు ఏమీ మార్చని అసలు స్కాన్ కూడా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వండి. స్వాప్ చేసిన ప్రింటు వెనక ఇది తయారుచేసిన ఫొటో అని, కూర్చున్నది ఎవరో, మొహం ఏ ఏటి ఫొటో నుంచి తీసుకున్నదో రాసి పెట్టండి.